120 ఫ్రేమ్‌ల ఈవీఎఫ్ కూడా ఎందుకు వెనకబడుతుంది: లాగ్, బ్లాకౌట్, రిఫ్రెష్ రేట్ అసలు లెక్క

క్లుప్తంగా: ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్‌లో, అంటే ఈవీఎఫ్‌లో, కనిపించేది ఎప్పుడూ కొన్ని మిల్లీసెకన్ల పాతది, దాన్నే లాగ్ అంటారు. ఫొటో తీసే క్షణంలో లైవ్ దృశ్యం ఆగిపోవడం బ్లాకౌట్. ఆగకుండా వరసగా ఫొటోలు తీసే బరస్ట్‌లో లైవ్ బదులు ఇప్పుడే తీసిన ఫొటోలు వరసగా కనిపించడం స్లైడ్‌షో ఎఫెక్ట్. ఈ మూడూ వేర్వేరు జబ్బులు, మెనూలో రిఫ్రెష్ రేట్, అంటే ఫైండర్ ప్యానెల్ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ గీస్తుందనేది, పెంచితే మొదటిది కొంచెం తగ్గుతుంది, రెండోది పెద్దగా మారదు, మూడోదానికి ఆ సెట్టింగ్‌తో దాదాపు సంబంధమే లేదు.

గందరగోళం ఎక్కడ మొదలవుతోంది

2020 తర్వాత కెనాన్ గానీ నికాన్ గానీ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ తీసుకురాలేదు, దాంతో పదేళ్లుగా డీఎస్‌ఎల్‌ఆర్ వాడిన పెళ్లి ఫొటోగ్రాఫర్లు, స్పోర్ట్స్ వాళ్లు, పక్షుల వెనక తిరిగేవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మిర్రర్‌లెస్‌కి మారుతున్నారు. మారిన మొదటి వారంలో వచ్చే కంప్లయింట్ దాదాపు ఒకటే, "ఫైండర్‌లో చూసి నొక్కితే క్షణం దాటిపోతోంది". దానికి ఇంకొకరు చెప్పే జవాబు కూడా ఒకటే, "రిఫ్రెష్ రేట్ 120 పెట్టు, సరిపోద్ది". పెట్టాక కొందరికి తేడా తెలుస్తుంది, చాలామందికి తెలియదు, ఫంక్షన్ హాల్లో అయితే అస్సలు తెలియదు. సెట్టింగ్ పనిచేయక కాదు, ఆ 120 అనే సంఖ్య ఏ భాగానికి చెందిందో చూసుకోకపోవడం వల్ల అలా జరుగుతోంది.

అద్దం ఉన్న కెమెరాలో ఏం జరుగుతుంది

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ నుంచి వచ్చిన వెలుగు 45 డిగ్రీల కోణంలో ఉన్న అద్దం మీద పడి, పైనున్న ఫోకసింగ్ స్క్రీన్ మీద బొమ్మ కట్టి, పెంటాప్రిజమ్‌లో తిరిగి కంటికి చేరుతుంది. మధ్యలో కరెంటుతో పనే లేదు, కెమెరా ఆఫ్ చేసినా ఫైండర్‌లో దృశ్యం కనిపిస్తూనే ఉంటుంది. చూసే దాంట్లో ఆలస్యం సున్నా అన్నట్టే.

కానీ ఇక్కడే ఒక విషయం మర్చిపోతుంటారు. చూడటంలో ఆలస్యం లేదు గానీ తీయడంలో ఉంది. బటన్ నొక్కాక అద్దం పైకి లేవాలి, లెన్స్‌లో అపర్చర్ మూసుకోవాలి, అద్దం ఊగడం కాస్త ఆగాలి, అప్పుడే షట్టర్ తెర కదులుతుంది. నికాన్ డీ3 లాంటి పెద్ద ప్రొఫెషనల్ బాడీల్లోనే దీనికి 40 మిల్లీసెకన్ల దగ్గర పడుతుంది, చిన్న బాడీల్లో ఇంకా ఎక్కువ. అద్దం పైన ఉన్నంతసేపు ఫైండర్ పూర్తిగా నలుపు, అది ప్రో బాడీల్లో 60 నుంచి 80 మిల్లీసెకన్లు, ఎంట్రీ బాడీల్లో 100 దాటిపోతుంది. అంటే బ్లాకౌట్ అనేది మిర్రర్‌లెస్‌తో కొత్తగా పుట్టిన సమస్యేం కాదు, డీఎస్‌ఎల్‌ఆర్ వాళ్లు దానికి అలవాటు పడిపోయారంతే.

దీన్ని వదిలించుకోవడానికి ఫిల్మ్ కెమెరాల రోజుల్లోనే ప్రయత్నాలు జరిగాయి. కెనాన్ 1965లో పెలిక్స్ అనే కెమెరాలో కదలని, కొంత వెలుగుని దాటనిచ్చే అద్దం పెట్టింది, 1989లో ఈఓఎస్ ఆర్‌టీలో అదే ఆలోచన మళ్లీ తెచ్చింది. అద్దం లేవాల్సిన పని లేదు కాబట్టి ఆర్‌టీలో బటన్ నొక్కిన 8 మిల్లీసెకన్లకే షట్టర్ తెరుచుకునేది, ఫైండర్ నల్లబడేది కాదు. దానికి కట్టాల్సిన మూల్యం వెలుగు, కొంత ఫైండర్‌కి పోవడంతో ఫిల్మ్ మీద పడేది తగ్గేది, కంటికి కనిపించేది కూడా మసకగా ఉండేది. చూడటానికీ తీయడానికీ వెలుగు ఒక్కటే, దాన్ని పంచుకోవాలి, మిర్రర్‌లెస్‌లోనూ ఇదే గొడవ ఇంకో రూపంలో వస్తుంది.

ఈవీఎఫ్‌లో మిల్లీసెకన్లు ఎక్కడ ఖర్చవుతాయి

మిర్రర్‌లెస్‌లో సెన్సరే కన్ను. ఫైండర్‌లో ఒక్క ఫ్రేమ్ కనిపించాలంటే ముందు సెన్సర్ కొంతసేపు వెలుగు పోగు చేసుకోవాలి, ఇది ఎక్స్‌పోజర్. తర్వాత ఆ సమాచారాన్ని వరస వరసగా చదివి బయటికి తీయాలి, ఇది రీడౌట్. ప్రాసెసర్ దానికి రంగులు కట్టి, వైట్ బ్యాలెన్స్ వేసి, లెన్స్ వంకర సరిచేసి, ఫోకస్ డబ్బాలూ హిస్టోగ్రామూ పైన అతికించాలి. ఆఖరికి ఐపీస్ వెనకున్న చిన్న ఓఎల్‌ఈడీ ప్యానెల్ ఆ ఫ్రేమ్‌ని గీయాలి. ఈ నాలుగింటి మొత్తమే లాగ్.

రిఫ్రెష్ రేట్ నేరుగా చెప్పేది ఆఖరి మెట్టు గురించి మాత్రమే. ప్యానెల్ సెకనుకు 60 సార్లు గీస్తే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు, 120 అయితే 8.3, సోనీ ఏ1లో లాగా 240 అయితే 4.2. సెన్సర్ కూడా అదే వేగంతో ఫ్రేమ్‌లు ఇస్తుంటే ముందున్న మెట్లు కూడా కుదించుకుపోయి మొత్తం లాగ్ బాగానే తగ్గుతుంది. పగటి వెలుగులో అలాగే జరుగుతుంది, ఎందుకంటే అక్కడ ఒక్కో ఫ్రేమ్‌కి కావలసిన వెలుగు ఒకటి రెండు మిల్లీసెకన్లలోనే వచ్చేస్తుంది.

చీకటి పడ్డాక లెక్క తిరగబడుతుంది. సాయంత్రం ఆరుబయట రిసెప్షన్, స్టేజీ మీద తప్ప ఎక్కడా సరైన లైటు లేదు, చేతిలో ఎఫ్4 జూమ్ ఉంది అనుకోండి. బొమ్మ నాయిజ్‌తో చిరిగిపోకుండా చూపించాలంటే ప్రివ్యూ ఫ్రేమ్ ఒక్కోదానికి 1/30 సెకను వెలుగు కావాలని కెమెరా నిర్ణయించుకుంటే, వెలుగు పోగు చేయడానికే 33 మిల్లీసెకన్లు అయిపోయాయి. ఇప్పుడు ప్యానెల్ 120 సార్లు గీస్తున్నా సెన్సర్ నుంచి వచ్చేవి 30 ఫ్రేమ్‌లే, ఒక్కో ఫ్రేమ్‌ని నాలుగేసి సార్లు చూపిస్తుందంతే. మెనూలో హై అని ఉంటుంది, కంటికి మాత్రం మనుషులు సాగినట్టు, కెమెరా తిప్పితే దృశ్యం వెనకాల ఈడ్చుకొస్తున్నట్టు కనిపిస్తుంది. ఈ గుర్తు పట్టుకోవాలి: కదిలేదాని అంచులు సాగి, తోక లాగా మిగిలితే దోషం ఎక్స్‌పోజర్‌ది, అంచులు స్పష్టంగా ఉండి దృశ్యం మాత్రం గంతులేస్తూ కదిలితే దోషం ఫ్రేమ్ రేట్‌ది.

కంపెనీలకు ఇది మొదటి నుంచీ తెలుసు. 2008లో వచ్చిన పానసోనిక్ జీ1, మొదటి మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరా, అందులో ఫైండర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి చూపించేది, కెమెరా జోరుగా తిప్పితే అంచుల్లో రంగులు విడిపోయేవి. 2011లో సోనీ నెక్స్-7 24 లక్షల చుక్కల దరిదాపుల్లో ఓఎల్‌ఈడీ పెట్టింది, రంగుల గొడవ పోయింది. 2014లో ఫ్యూజీ ఎక్స్-టీ1కి డిస్‌ప్లే లాగ్ 0.005 సెకన్లు అని ప్రకటించారు, మసక వెలుగులో కూడా 54 ఫ్రేమ్‌లు నిలబెడతాం అని చెప్పారు. ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఫ్రేమ్ మధ్య ఎడమే 18 మిల్లీసెకన్లు దాటే చోట, ఫ్రేమ్‌కి కావలసిన వెలుగుకే ఆ సమయంలో ఎక్కువ భాగం పోయే చోట, మొత్తం ఆలస్యం 5 మిల్లీసెకన్లు కుదరదు. ఆ 0.005 అనేది మంచి వెలుగులో దక్కే మాట. బ్రోషర్‌లో లాగ్ సంఖ్య కనిపించినప్పుడల్లా ఏ వెలుగులో అన్న ప్రశ్న వేసుకోవాల్సిందే.

చూసే ఆలస్యం, తీసే ఆలస్యం కలిపి చూస్తే

ఆప్టికల్ గొప్పదా ఎలక్ట్రానిక్ గొప్పదా అనే వాదనలో చాలామంది వదిలేసే కూడిక ఇది. ఎదురుగా ఒక సంఘటన జరిగిన క్షణం నుంచి సెన్సర్ మీద ఎక్స్‌పోజర్ మొదలయ్యే దాకా పట్టే టైమే అసలు లెక్క. ఇందులో మనిషి స్పందించే టైము, సుమారు 200 మిల్లీసెకన్లు, రెండు కెమెరాలకీ ఒకటే కాబట్టి పక్కన పెడదాం. డీఎస్‌ఎల్‌ఆర్‌లో చూసే ఆలస్యం సున్నా, తీసే ఆలస్యం 40 అంటే మొత్తం 40. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు, మొదటి తెర పనిని సెన్సరే చేసే ఎలక్ట్రానిక్ ఫస్ట్ కర్టెన్ వాడితే తెర మూసి తెరవాల్సిన పని కూడా లేదు, అందుకే నెక్స్-7 రిలీజ్ లాగ్ 0.02 సెకన్లు అని సోనీ అప్పట్లోనే ప్రకటించింది. మంచి వెలుగులో ఈవీఎఫ్ లాగ్ 20 అనుకుంటే 20 కి 20 కలిపి మళ్లీ 40. అంటే పగటిపూట రెండూ సమానమే.

మరి చేతికి తేడా ఎందుకు తెలుస్తుంది? డీఎస్‌ఎల్‌ఆర్ ఆలస్యం ఎప్పుడూ మారదు. పొద్దున్నైనా రాత్రైనా అదే 40, ఏళ్ల తరబడి వాడిన వేలు ఆ 40 ముందుగానే నొక్కడం నేర్చేసుకుంటుంది. ఈవీఎఫ్‌లో చూసే ఆలస్యం వెలుగుని బట్టి మారుతుంది, మైదానంలో 20 ఉన్నది మండపంలోకి వస్తే 60, 70 అవ్వొచ్చు. స్థిరంగా ఉన్న ఆలస్యానికి అలవాటు పడొచ్చు, గంటకొకలా మారేదానికి పడలేం. గంటకు 130 కిలోమీటర్ల బంతి సెకనుకు 36 మీటర్లు పోతుంది, ఆలస్యం 40 నుంచి 80కి మారితే బంతి 1.4 మీటర్లు ఎక్కువ ప్రయాణించేసినట్టు. బ్యాట్‌కి తగులుతున్న బంతి కోసం ఒక్క షాట్ తీసే అలవాటున్న ఫొటోగ్రాఫర్‌కి డే మ్యాచ్‌లో కుదిరిన టైమింగ్ ఫ్లడ్‌లైట్లు సరిగ్గా లేని టౌన్ గ్రౌండ్‌లో రాత్రి కుదరకపోవడానికి కారణం ఇదే, చేతిలో పట్టు తప్పిపోయిందని అనుకోనక్కర్లేదు.

బ్లాకౌట్, దానికంటే చెడ్డదైన స్లైడ్‌షో

మామూలు సెన్సర్‌కి ఒక సమయంలో ఒక్క పనే. ఫొటో కోసం వెలుగు పోగు చేస్తున్నప్పుడు, తర్వాత ఆ మొత్తం పిక్సెళ్లని చదువుతున్నప్పుడు ఫైండర్‌కి ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. మెకానికల్ షట్టర్ అయితే తెర మూసుకోవడం, మళ్లీ తెరుచుకోవడం కూడా కలుస్తాయి. ఫ్యూజీ ఎక్స్-టీ2 విషయంలో కంపెనీ ఇచ్చిన లెక్కలు ఇక్కడ బాగా పనికొస్తాయి: మామూలు మోడ్‌లో ఫైండర్ 60 ఫ్రేమ్‌లు, బ్లాకౌట్ 130 మిల్లీసెకన్లు, బూస్ట్ మోడ్‌లో 100 ఫ్రేమ్‌లు, బ్లాకౌట్ 114. రిఫ్రెష్ రేట్ దాదాపు 70 శాతం పెరిగితే బ్లాకౌట్ తగ్గింది 16 మిల్లీసెకన్లు. తెర కదలడానికీ సెన్సర్ చదవడానికీ పట్టే టైముని ప్యానెల్ వేగం మార్చలేదు కదా.

బరస్ట్‌లో కొన్ని కెమెరాలు నలుపు కనిపించకుండా ఒక ఉపాయం చేస్తాయి, ఖాళీలో ఇప్పుడే తీసిన ఫొటోని చూపిస్తాయి. చూడ్డానికి నలుపు లేదు కాబట్టి హాయిగా అనిపిస్తుంది గానీ, సెకనుకు 10 ఫొటోల వేగంలో కనిపించే ఒక్కో బొమ్మా మార్చేసరికి 100 మిల్లీసెకన్ల పాతదైపోతుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో నలుపు పడినా, రెండు నలుపుల మధ్య కనిపించే ఆ కాస్త ముక్క నిజంగా ఆ క్షణానిదే. స్లైడ్‌షోలో నలుపు లేదు, ఇప్పటిది కూడా లేదు. కదిలే వస్తువుని వెంబడించేవాళ్లకి రెండోదే ఎక్కువ నష్టం. అందుకే చాలా బాడీల్లో బరస్ట్ వేగానికి రెండు మూడు స్థాయిలు ఉంటాయి, పై స్థాయిలో ఫొటోలు ఎక్కువ, లైవ్ వ్యూ ఉండదు, ఒక మెట్టు దిగితే సెకనుకు రెండు మూడు ఫొటోలు తగ్గుతాయి గానీ మధ్యమధ్యలో నిజమైన లైవ్ వస్తుంది. ఈ తేడా మాన్యువల్‌లో ఒక్క లైన్‌లో రాసి ఉంటుంది, చదివేవాళ్లు తక్కువ.

కొల్లేరులో ఒక లెక్క

అంకెలు వేసి చూస్తే ఏది ఎంత నష్టమో తెలుస్తుంది. కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రంలో 40 మీటర్ల దూరంలో పెలికాన్ అడ్డంగా ఎగురుతోంది, చేతిలో ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 400 ఎంఎం లెన్స్. సెన్సర్ వెడల్పు 36 ఎంఎం కాబట్టి ఆ దూరంలో ఫ్రేమ్‌లో పట్టే వెడల్పు 3.6 మీటర్లు. పక్షి వేగం గంటకు 50 కిలోమీటర్లు అనుకుందాం, అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు.

20 మిల్లీసెకన్ల లాగ్‌లో పక్షి 28 సెంటీమీటర్లు కదులుతుంది, ఫ్రేమ్‌లో 8 శాతం. 60 నుంచి 120కి మార్చడం వల్ల ఆదా అయ్యే 8 మిల్లీసెకన్లలో 11 సెంటీమీటర్లు, 3 శాతం. స్లైడ్‌షో వల్ల వచ్చే 100 మిల్లీసెకన్లలో 1.4 మీటర్లు, ఫ్రేమ్‌లో దాదాపు 40 శాతం. మెనూలో రిఫ్రెష్ రేట్ గురించి జరిగే చర్చ అంతా ఆ 3 శాతం గురించి, అసలు ముక్కు ఫ్రేమ్ బయటికి పోయేది మాత్రం 40 శాతం వల్ల.

అయితే ఈ లెక్కని ఉన్నదున్నట్టు తీసుకుంటే కూడా తప్పే. కెమెరా పక్షితో సమానంగా తిరుగుతుంటే, పాత బొమ్మలో పక్షి ఫ్రేమ్ మధ్యలో ఉంటే ఇప్పుడు కూడా మధ్యలోనే ఉంటుంది, ఎందుకంటే ఆ 100 మిల్లీసెకన్లలో పక్షీ కెమెరా రెండూ ఒకే మేరకు కదిలాయి. లాగ్ దెబ్బ తగిలేది వేగం గానీ దిశ గానీ మారినప్పుడే. పెలికాన్ పెద్ద పక్షి, నింపాదిగా మళ్లుతుంది, కాబట్టి నిజంగా జరిగే నష్టం పైన చెప్పిన దాంట్లో చిన్న భాగమే. అదే చోట నీళ్ల మీదికి దూకే లకుముకిపిట్టనో, గాలిలో పురుగుల కోసం వంకరటింకరగా తిరిగే పిట్టనో పట్టుకోవాలంటే మొత్తం నష్టం దాదాపు పూర్తిగా పడుతుంది. అంటే ఒకే కెమెరా గురించి ఒకరు "లాగ్ అస్సలు లేదు" అనీ ఇంకొకరు "పనికిరాదు" అనీ అంటే ఇద్దరూ నిజమే చెప్తున్నారు, వాళ్లు తీసేవి వేరు.

బ్లాకౌట్ లేని ఫైండర్ ఎలా సాధ్యమైంది

2017లో సోనీ ఏ9 వచ్చినప్పుడు మారింది ప్యానెల్ కాదు, సెన్సర్. పిక్సెళ్ల పొర వెనకే మెమరీని పేర్చిన స్టాక్డ్ సెన్సర్ అది, మొత్తం 24 మెగాపిక్సెళ్లని 6 మిల్లీసెకన్ల దగ్గర్లో చదివేస్తుంది, మామూలు ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్లకి 30 నుంచి 60 పట్టే రోజుల్లో. ఫొటో కోసం తీసుకున్న టైము అంత చిన్నదైపోవడంతో, రెండు ఫైండర్ ఫ్రేమ్‌ల మధ్య సందులోనే ఫొటో తీసేయడం కుదిరింది. సెకనుకు 20 ఫొటోలు తీస్తున్నా ఫైండర్ ఆగదు. నలుపూ లేదు, షట్టర్ చప్పుడూ లేదు, దాంతో ఫొటో పడిందో లేదో తెలియక ఫ్రేమ్ అంచుల్లో గీతలు మెరిపించాల్సి వచ్చింది. 2021లో నికాన్ జడ్9 ఇంకో అడుగు వేసి మెకానికల్ షట్టర్‌నే తీసేసింది, సెన్సర్ నుంచి ఫైండర్‌కి ఒక దారి, ఫొటోకి ఇంకో దారి పెట్టింది. గమనించాల్సింది ఏంటంటే జడ్9 ఫైండర్ ప్యానెల్ 37 లక్షల చుక్కల లోపే, అదే ఏడాది వచ్చిన ఏ1లో 94 లక్షల పైన, అయినా కదిలేవాటిని వెంబడించే పనిలో జడ్9ని ఎవరూ తక్కువ చెయ్యలేదు. ప్యానెల్ స్పెక్ చూసి కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

బ్లాకౌట్ లేదన్న మాటకీ హద్దుంది. 1/1000 దగ్గర ఎక్స్‌పోజర్ ఒక మిల్లీసెకను, సందులో ఇమిడిపోతుంది. ప్యానింగ్ బ్లర్ కోసం 1/30 పెడితే సెన్సర్ 33 మిల్లీసెకన్లు ఫొటోకే అంకితం, అప్పటిదాకా ఫైండర్ పాత ఫ్రేమ్‌నే పట్టుకుని కూర్చోవాలి. ఎంత ఖరీదైన సెన్సరైనా దీన్ని దాటలేదు.

సెట్టింగుల్లో ఏది ఏం చేస్తుంది

సోనీలో ఈ సెట్టింగ్ పేరు `Finder Frame Rate`, ఫ్యూజీలో పవర్ మేనేజ్‌మెంట్ కింద `BOOST`, మిగతా కంపెనీల్లో ఇలాంటి పేర్లే. పెంచితే రెండు మూల్యాలు కట్టాలి. ఒకటి, చాలా బాడీల్లో ఫైండర్ రిజల్యూషన్ తగ్గుతుంది, వేగంగా చదవడానికి సెన్సర్ కొన్ని వరసలు వదిలేయాలి కాబట్టి సన్నని గీతల చీర అంచుల్లో, దూరంగా ఉన్న కిటికీ చువ్వల్లో మెట్లు కనిపిస్తాయి. ఏ1లో 240 పెడితే ఫైండర్‌లో బొమ్మ సైజే చిన్నదవుతుంది. రెండోది బ్యాటరీ. దాదాపు ఒకే బ్యాటరీ కుటుంబంతో నికాన్ డీ850కి 1840 ఫొటోలు అని రేటింగ్ ఇస్తే, ఈవీఎఫ్ ఉన్న జడ్7కి 330 అని ఇచ్చారు, వాడకంలో తేడా అంత ఉండదు గానీ ఫైండర్ ఎంత తింటుందో దిశ తెలుస్తుంది. అందుకే చాలా బాడీల్లో ఫ్యాక్టరీ సెట్టింగ్ తక్కువ రేట్ మీదే ఉంటుంది. పోర్ట్రెయిట్, ప్రొడక్ట్, ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లు అలాగే వదిలేస్తే నష్టం ఏమీ లేదు, రిజల్యూషన్ ఎక్కువ ఉంటే మాన్యువల్ ఫోకస్‌కి ఇంకా మేలు.

ఇండియాలో వాడేవాళ్లు చూసుకోవాల్సినది ఇంకోటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నేరుగా వెలిగే చవక ట్యూబులు, ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. సోనీ లాంటి కెమెరాల్లో వీడియో సిస్టమ్ `NTSC` లో ఉంటే ఫైండర్ 60, 120 ఫ్రేమ్‌లతో, `PAL` లో ఉంటే 50, 100తో నడుస్తుంది. 100 సార్లు మినుకే లైటు కింద 120 ఫ్రేమ్‌ల ఫైండర్ పెడితే రెండూ కలవక ఫైండర్‌లో వెలుగు సెకనుకు 20 సార్లు ఊగినట్టు, గీతలు పాకినట్టు కనిపిస్తుంది, అదేదో లాగ్ అనుకుని లెన్స్ మార్చి చూసేవాళ్లు కూడా ఉన్నారు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిచ్చిన బాడీల్లో ఇది ఎక్కువ, ఎందుకంటే అవి ఎన్‌టీఎస్‌సీలోనే వస్తాయి. ఫంక్షన్ హాళ్లలో పని చేసేటప్పుడు `PAL` కి మార్చి 100లో పెడితే ఊగడం చాలావరకు ఆగిపోతుంది, వీడియో ఫ్రేమ్ రేట్లు కూడా 25, 50లోకి మారిపోతాయి కాబట్టి వీడియో టీమ్‌తో ముందే మాట్లాడుకోవాలి.

మసక వెలుగులో నిజంగా పనికొచ్చేది మాత్రం రిఫ్రెష్ రేట్ కాదు, ఎక్స్‌పోజర్ ప్రివ్యూ. సోనీలో `Setting Effect OFF`, ఇతరుల్లో ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆఫ్. ఆన్‌లో ఉంటే ఫొటో ఎలా వస్తుందో అలాగే చూపించాలని చాలా బాడీలు అపర్చర్‌ని కూడా పెట్టిన ఎఫ్8కో ఎఫ్5.6కో మూసేస్తాయి, సెన్సర్‌కి వచ్చే వెలుగు తగ్గుతుంది, ప్రివ్యూ ఎక్స్‌పోజర్ సాగుతుంది, లాగ్ పెరుగుతుంది. ఆఫ్ చేస్తే చాలా వాటిలో లెన్స్ తెరిచే ఉంటుంది. ఫ్లాష్‌తో తీసేవాళ్లకైతే ఇది తప్పనిసరి, లేకపోతే ఫైండర్ నల్లగానే ఉంటుంది. పోగొట్టుకునేది ఎక్స్‌పోజర్ ఎలా వస్తుందో ముందే చూసే సౌకర్యం, అంటే మళ్లీ డీఎస్‌ఎల్‌ఆర్ పద్ధతిలో మీటర్ చూసి నమ్మాలి. వీటన్నిటికంటే ముందు ఎఫ్4 జూమ్ తీసి ఎఫ్1.8 ప్రైమ్ పెడితే వెలుగు దాదాపు అయిదు రెట్లవుతుంది, 1/30 కావలసిన ప్రివ్యూకి 1/125 చాలు, ఏ మెనూ ఇంత మార్పు తేదు.

ఇంట్లో కొలిచి చూసుకోవడం

స్పెక్ షీట్‌ని నమ్మకుండా ఎవరి కెమెరా వాళ్లు కొలుచుకోవచ్చు, రెండు ఫోన్లు చాలు. ఒక ఫోన్ ఫ్లాష్‌లైట్‌ని కెమెరా ముందు కొంచెం పక్కగా, లెన్స్‌కి కనిపించేలా పెట్టాలి. ఐపీస్ దగ్గరున్న ఐ సెన్సర్ గొడవ లేకుండా డిస్‌ప్లేని వ్యూఫైండర్ మాత్రమే అనే మోడ్‌లోకి మార్చాలి. రెండో ఫోన్‌ని స్లో మోషన్ 240 ఫ్రేమ్‌లలో పెట్టి, అసలు ఫ్లాష్‌లైటూ ఈవీఎఫ్‌లో దాని బొమ్మా రెండూ ఒకే వీడియోలో పడేలా తీయాలి, కెమెరా పక్కనుంచి కొంచెం వెనక్కి జరిగి తీస్తే కుదురుతుంది. ఇప్పుడు ఫ్లాష్‌లైట్ వెలిగించి, ఆర్పి, వీడియోని ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ అసలు లైటు వెలిగిన ఫ్రేమ్ నుంచి ఈవీఎఫ్‌లో వెలిగిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టాలి. ఒక్కో ఫ్రేమ్ 4.2 మిల్లీసెకన్లు, ఆరు ఫ్రేమ్‌లు వస్తే 25 దగ్గర.

ఒకసారి కొలిస్తే సరిపోదు, లైటు ఈవీఎఫ్ ఫ్రేమ్ మధ్యలో వెలిగిందా మొదట్లో వెలిగిందా అన్నదాన్ని బట్టి ఒక ఈవీఎఫ్ ఫ్రేమ్ అటూఇటూ అవుతుంది, కాబట్టి పదిసార్లు చేసి సగటు తీయాలి. ఆ తర్వాత గదిలో లైట్లు తగ్గించి, లెన్స్ అపర్చర్ మూసి, ఎక్స్‌పోజర్ ప్రివ్యూ ఆన్, ఆఫ్ మార్చి అదే పని మళ్లీ చేయాలి. చీకట్లో ఫ్లాష్‌లైటే గదిని వెలిగించేసి కొలత పాడు చేస్తుంది, అందుకని దాని మీద మందపాటి కాగితం చుట్టి చిన్న చుక్క మాత్రమే కనిపించేలా చేయడం మంచిది. స్టాండర్డ్ రేట్‌కీ హై రేట్‌కీ మధ్య పగటి వెలుగులో రెండు మూడు ఫ్రేమ్‌ల తేడా కనిపించి, మసక గదిలో ఆ తేడా మాయమైతే, ఆ కెమెరాలో సమస్య ప్యానెల్‌ది కాదని తేలిపోయినట్టే.

ఆప్టికల్ ఇంకా ఎక్కడ ముందుంది

స్టాక్డ్ సెన్సర్ బాడీల్లో పగటి వెలుగు స్పోర్ట్స్‌కి, పక్షులకి ఆప్టికల్ ఫైండర్ వెనకబడిపోయిందని చెప్పడానికి ఇప్పుడు మొహమాటం అక్కర్లేదు. కానీ అవి లక్షల్లో ఉంటాయి. పాత, మామూలు సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్‌ని సెకండ్‌హ్యాండ్‌లో కొని కబడ్డీ గానీ, ఇండోర్ బ్యాడ్మింటన్ గానీ తీయాలనుకునేవాళ్లకి అదే డబ్బుకి వచ్చే మంచి డీఎస్‌ఎల్‌ఆర్ వెంబడించడం వరకు ఇప్పటికీ తేలిక, నలుపు పడినా చూసేది నిజం కాబట్టి. గంటల తరబడి ఐపీస్‌కి కన్ను ఆనించి పక్షి లేచేదాకా కూర్చునే పనిలో కూడా అంతే, ఆప్టికల్ ఫైండర్ బ్యాటరీని తినదు, నిద్రలోకి జారిపోదు. ఈవీఎఫ్ కెమెరా పవర్ సేవ్‌లోకి పోయి, షట్టర్ సగం నొక్కాక మళ్లీ బొమ్మ రావడానికి పట్టే టైము చాలాసార్లు ఇక్కడ మాట్లాడుకున్న లాగ్‌కి ఎన్నో రెట్లు, అలాంటి షూట్‌కి వెళ్లేవాళ్లు రిఫ్రెష్ రేట్ కంటే ముందు ఆటో పవర్ ఆఫ్ టైమర్‌ని పెంచుకుని, జేబులో రెండు అదనపు బ్యాటరీలు పెట్టుకోవడం మేలు.